బోర్డు ఫొటో నుంచి నడక పథకం దాకా: గ్రాండ్ కాన్యన్‌లో నా అనుభవం

మే నెల మధ్యలో గుంటూరు నుంచి మా అక్క, బావగారు, మేనల్లుడు మా ఇంటికి వస్తున్నారని తెలిసినప్పుడు, గ్రాండ్ కాన్యన్‌కు తీసుకువెళ్లి పైనుంచి చూపించి వెనక్కి తెచ్చేయడం నాకు తృప్తిగా అనిపించలేదు. మేము అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటాము. మా ఇంటి నుంచి గ్రాండ్ కాన్యన్‌కు కారులో సుమారు నాలుగు గంటల్లో చేరుకోవచ్చు. కొంత దూరమైనా లోయలోకి దిగి నడిస్తే తప్ప ఆ లోయ పరిమాణం మనిషికి అర్థం కాదని నా నమ్మకం. ఆ మాట విన్న స్నేహితుడొకరు, తాను డిసెంబరులో వెళ్లినప్పుడు సౌత్ కైబాబ్ అనే కాలిబాట మొదట్లో తీసిన సూచిక బోర్డు ఫొటోను వాట్సాప్‌లో పంపారు. దారిలో వచ్చే చోట్ల పేర్లు, దూరాలు, పట్టే గంటలు, దారి మొత్తం కష్టమైనదన్న మాట, నీళ్లు దొరకవన్న హెచ్చరిక, పై అంచు నుంచి నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే ప్రయత్నం చేయవద్దన్న మరో హెచ్చరిక అందులో ఉన్నాయి. ఆ ఒక్క ఫొటోను ముందు పెట్టుకుని నలుగురికీ సరిపోయే ఒక పూట నడకను ఎలా నిర్ణయించుకున్నామో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదట ఫొటోను పెద్దది చేసి అక్షరం అక్షరం చదివి, ఉన్నది ఉన్నట్టుగా ఒక కాగితం మీదికి ఎక్కించాను. ఇలా రాసుకుంటేనే ఏది ఉందో, ఏది లేదో విడివిడిగా తెలుస్తుంది. ఊ ఆ పాయింట్‌కు 1.8 మైళ్లు, ఒకటి నుంచి రెండు గంటలు. సీడార్ రిడ్జ్‌కు 3 మైళ్లు, రెండు నుంచి నాలుగు గంటలు. స్కెలిటన్ పాయింట్‌కు 6 మైళ్లు, నాలుగు నుంచి ఆరు గంటలు అని పెద్ద బోర్డులో ఉంది. అయితే అదే ఫొటో అంచున సగం కనిపిస్తున్న లోహపు పలక మీద సీడార్ రిడ్జ్ ఎదురుగా 1.5 అని ఉంది. ఫొటోను ముందే పంపించాను కాబట్టి గుంటూరు నుంచే మా మేనల్లుడు ఫోను చేసి, "మామయ్యా, ఒకటిన్నర మైలే కదా, రానూపోనూ ముప్పావుగంట చాలు" అన్నాడు. అక్కేమో మూడు మైళ్లు వెళ్లి మళ్లీ మూడు మైళ్లు రావాలేమోనని బెంగపెట్టుకుంది. రెండు అంకెలూ నిజమే. పలక మీద ఉన్నది ఒకవైపు దూరం, బోర్డు మీద ఉన్నది పోయి రావడానికి మొత్తం దూరం.

అందువల్ల ఏ బోర్డు చూసినా మొదట తేల్చుకోవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం. పోయి వచ్చే దూరం అని ఎక్కడైనా ఒక మూల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ మూల ఫొటోలో పడకపోతే, వరుసగా ఉన్న చోట్ల దూరాలను మ్యాపుతో పోల్చి చూడాలి. నేను పార్కు వారి వెబ్‌సైటు nps.gov/grca లోని పట్టికతో సరిచూసుకుని, నా కాగితంలో ప్రతి చోటుకూ "పోను", "రాను" అని రెండు గళ్లు గీసుకున్నాను. మనవాళ్లకు మైళ్ల అలవాటు ఉండదు కనుక పక్కనే కిలోమీటర్లు కూడా వేశాను: సీడార్ రిడ్జ్‌కు పోను 2.4, రాను 2.4, స్కెలిటన్ పాయింట్‌కు పోను 4.8, రాను 4.8.

దూరం తేలిన తరువాత కష్టం సంగతి. "కష్టమైనది" అన్న ఒక్క మాటతో పథకం వేయలేము. ఒక నగర పార్కు కష్టం అన్నదీ, ఒక పర్వత ప్రాంతపు అటవీశాఖ కష్టం అన్నదీ ఒకే కొలత కావు. ఎవరి పరిధిలోని దారులను వారు ఒకదానితో ఒకటి పోల్చి పేర్లు పెడతారు. గ్రాండ్ కాన్యన్‌లో అయితే లోపలికి దిగే దారులన్నీ కష్టమైనవేనని పార్కు వారు చెబుతారు, కాబట్టి ఆ మాట ఈ మూడు చోట్లలో దేనికి వెళ్లాలో చెప్పదు. దాన్ని చెప్పేది ఎత్తులో తేడా. సౌత్ కైబాబ్ దారి మొదలయ్యే చోటు సముద్రమట్టానికి 7,260 అడుగుల ఎత్తున, అంటే దాదాపు మన ఊటీ అంత ఎత్తున ఉంటుంది. సీడార్ రిడ్జ్ 6,120 అడుగుల దగ్గర, స్కెలిటన్ పాయింట్ 5,220 అడుగుల దగ్గర ఉన్నాయి. అంటే సీడార్ రిడ్జ్‌కు 1,140 అడుగులు, స్కెలిటన్ పాయింట్‌కు 2,040 అడుగులు దిగాలి, దిగినదంతా తిరిగి ఎక్కాలి. ఒకటిన్నర మైలంటే 7,920 అడుగులు. ఆ పొడవులో 1,140 అడుగుల తేడా అంటే నడిచే ప్రతి నూరు అడుగులకూ పద్నాలుగు అడుగులకు పైగా వాలు. సాయంత్రం కాలనీలో రెండున్నర కిలోమీటర్లు నడిచే అలవాటును దీనికి కొలతగా పెట్టుకోకూడదని ఈ చిన్న లెక్కే చెప్పేస్తుంది.

అంకెల కంటే కూడా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ఈ దారి వరుస. మనవాళ్లు కొండ నడక అనగానే తిరుమలను తలుచుకుంటారు. అక్క, బావగారు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కినవారే, ఆ ధైర్యంతోనే ఉన్నారు. అక్కడ కష్టం ముందు వస్తుంది. ఓపిక లేకపోతే కొంతదూరం ఎక్కి వెనక్కి దిగిపోవచ్చు, దారి పొడవునా నీళ్లు, నీడ, అంగళ్లు ఉంటాయి, పైకి చేరాక బస్సులో దిగవచ్చు. ఇక్కడ అంతా తలకిందులు. ఒంట్లో బలం నిండుగా ఉన్న వేళ, చల్లని వేళ సులువుగా దిగుతాము. అలసిపోయిన తరువాత, ఎండ ముదిరిన తరువాత ఎక్కవలసి వస్తుంది. మధ్యలో ఓపిక అయిపోతే వెనక్కి తిరగడమంటేనే ఎక్కడం. "మనం ఎంతవరకు దిగగలం" అన్న ప్రశ్నకు ఇక్కడ అర్థం లేదు, "ఎంతవరకు ఎక్కగలం" అని అడిగి, ఆ జవాబును బట్టి దిగాలి. ఈ మాటను బావగారికి ఫోనులో చెప్పినప్పుడు ఆయన కొంచెంసేపు ఆగి, "అయితే ముందు నన్ను ఎక్కించి చూడండి, ఆ తరువాతే ఎక్కడికి దిగాలో రాయండి" అన్నారు. ఆ మాటే పథకానికి ఆధారమైంది.

బోర్డు మీద గంటలు ఉన్నాయి కదా, మళ్లీ పరీక్ష ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సీడార్ రిడ్జ్‌కు రెండు నుంచి నాలుగు గంటలు అని రాశారంటే, ఒకరికి రెట్టింపు సమయం మరొకరికి పట్టవచ్చని వారే ఒప్పుకుంటున్నారన్న మాట. ఆ రెంటి మధ్య మనము ఎక్కడ ఉన్నామో బోర్డు చెప్పలేదు. లెక్కతో కట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. స్కాట్లండ్ కొండలు ఎక్కిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం, ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట కలుపుకోవాలి. ఆ లెక్కన సీడార్ రిడ్జ్ నుంచి పైకి రావడానికి గంటా ఐదు నిమిషాలు సరిపోవాలి. కానీ అది మంచి దేహదారుఢ్యం ఉన్నవారు ఆగకుండా నడిస్తే పట్టే కాలం. యాభై ఎనిమిదేళ్ల వయసులో, రక్తపోటు మాత్ర వేసుకునే మనిషికి అది ఎంతవరకు వర్తిస్తుందో ఎక్కించి చూస్తే తప్ప తెలియదు.

అందుకని వాళ్లు వచ్చి ప్రయాణపు బడలిక తీరాక, ఫీనిక్స్ నగరం మధ్యలో ఉన్న పియెస్టేవా పీక్ కొండకు తెల్లవారకముందే వెళ్లాము. శిఖరం దాకా ఎక్కాలన్న ఉద్దేశం లేదు. చేతి గడియారంలో ఎత్తు చూసుకుంటూ 600 అడుగులు పైకి చేరేంతవరకు ఎక్కి, అక్కడే ఆగి, దిగివచ్చాము. నియమం ఒకటే: అందరికంటే ముందు బావగారు నడవాలి, ఆయన ఆగినప్పుడు అందరమూ ఆగాలి, మాట్లాడుతూ పూర్తి వాక్యం పలకగలిగేంత నెమ్మదిగానే ఆయన ఎక్కాలి. ఊపిరి అందక రెండు మూడు మాటలకే ఆగిపోతుంటే అది గంటల తరబడి సాగించగల వేగం కాదు. ఆ 600 అడుగులకు ఆగినవి కూడా కలుపుకుని యాభై నిమిషాలు పట్టింది. మేనల్లుడు ఒక్కడే అయితే అందులో సగం కూడా పట్టదు, కానీ గుంపు నడిచేది నెమ్మదిగా నడిచేవారి అడుగుతోనే కాబట్టి నా లెక్కలోకి వచ్చినది ఆ యాభై నిమిషాలే.

ఇక కాగితం మీద లెక్క. 600 అడుగులకు యాభై నిమిషాలైతే 1,140 అడుగులకు తొంభై ఐదు నిమిషాలు. అయితే ఫీనిక్స్ కొండ తక్కువ ఎత్తున ఉంది, అక్కడ మేము తాజాగా ఎక్కడం మొదలుపెట్టాము. గ్రాండ్ కాన్యన్ అంచు దగ్గర గాలి పలచన, పైగా అప్పటికే గంటసేపు దిగి ఉంటాము. అందుకోసం మరో మూడోవంతు కలిపితే రెండు గంటలా పది నిమిషాలకు చేరింది. దిగడానికి పట్టిన కాలానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోవాలని పార్కు వారి సలహా. దాన్ని తిప్పి చూస్తే దిగడానికి గంటా ఐదు నిమిషాలు వేసుకోవచ్చు. కింద అరగంట విశ్రాంతి. ఉదయం 5:45కు నడక మొదలుపెడితే 6:50కి సీడార్ రిడ్జ్, 7:20కి తిరుగు నడక, 9:30కి పైకి.

ఇదే కొలతతో స్కెలిటన్ పాయింట్‌ను కూడా లెక్క వేశాను, ఎందుకంటే కొలరాడో నది మొదటిసారి కనిపించేది అక్కడి నుంచేనని తెలిసి మేనల్లుడు ఆశపడుతున్నాడు. 2,040 అడుగులు ఎక్కడానికి ముందు చెప్పిన మూడోవంతుతో కలిపి సుమారు మూడు గంటలా యాభై నిమిషాలు. దిగడానికి గంటా యాభై ఐదు నిమిషాలు. అదే 5:45కు బయలుదేరితే 7:40కి చేరి, అరగంట కూర్చుని, 8:10కి ఎక్కడం మొదలుపెట్టి, పైకి వచ్చేసరికి సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. దూరం రెట్టింపే అయినా, ప్రమాదం రెట్టింపుతో ఆగదు, ఎందుకంటే అదనంగా వచ్చిన ఆ రెండున్నర గంటలూ రోజులో అత్యంత చెడ్డ వేళలో పడుతున్నాయి.

ఆ వేళ సంగతి కొంచెం చెప్పాలి. వేడి నెలల్లో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు లోయలో నడవవద్దని పార్కు వారు గట్టిగా చెబుతారు. మే నెలలో పై అంచున పగటి వేడి సగటున 21 డిగ్రీల సెల్సియస్ ఉంటే, లోయ అడుగున నది దగ్గర 33 డిగ్రీలు ఉంటుంది. మన గుంటూరు వాళ్లకు 33 డిగ్రీలంటే మే నెలలో హాయిగా ఉన్నట్టే, అందుకే ఈ అంకెను చూసి మనవాళ్లు మోసపోయే అవకాశం ఎక్కువ. ఆ అంకె నీడలో కొలిచినది. సౌత్ కైబాబ్ దారి ఒక గట్టు వీపు మీదుగా దిగుతుంది, దానికి నీడ దాదాపు లేదు. పక్కనున్న రాయి వేడెక్కి తిరిగి మన మీదికే కొడుతుంది. గాలిలో తేమ లేకపోవడం వల్ల పట్టిన చెమట అప్పటికప్పుడే ఆరిపోయి, ఎంత నీరు పోతోందో ఒంటికి తెలియదు. కోస్తాలో చొక్కా తడిసిపోవడం చూసి నీళ్లు తాగే అలవాటున్న మనిషికి ఇక్కడ ఆ గుర్తు కనిపించదు. వేసవిలో ఒక పూట నడకకు వచ్చినవారు సీడార్ రిడ్జ్ దగ్గరే వెనుదిరగాలన్న పార్కు సలహా, నా లెక్క ఒకే చోట కలిసినప్పుడు, గమ్యం విషయంలో ఇక ఆలోచించవలసినది మిగలలేదు.

ఫొటో చెప్పలేని సంగతులు మరికొన్ని ఉన్నాయి. ఆ ఫొటో తీసినది డిసెంబరులో. బోర్డు వెనుక నేల మీద మంచు కనిపిస్తోంది. ఆ స్నేహితునికి సమస్య జారుడు మంచు. మాకు సమస్య ఎండ. బోర్డు మాత్రం ఒక్కటే. ఏ ఫొటో చేతికి వచ్చినా అది ఏ నెలలో తీసినదో తెలుసుకుని, ఆ నెలలో నడిచినవారి అనుభవాన్ని మన నెలకు వాడుకోకుండా ఉండాలి. పైగా బోర్డు నిలకడగా ఉంటుంది, దారి పరిస్థితి మారుతుంది. ఈ పార్కులో నీటి పైపులైను పనుల కోసం కొన్ని దారులను నెలల తరబడి మూసిన సందర్భాలు ఉన్నాయి. అందుకని బయలుదేరే ముందు రోజు రాత్రి పార్కు వెబ్‌సైటులో మూసివేతల పేజీని, వాతావరణాన్ని మరోసారి చూసుకున్నాను. దారి మొదటికి సొంత కారు తీసుకువెళ్లనివ్వరు, సాధారణంగా పార్కు బస్సులో వెళ్లాలి; తెల్లవారుజామున నడిచేవారి కోసం ప్రత్యేకంగా నడిపే బస్సు వేళలు నెలను బట్టి మారుతుంటాయి. మా లెక్కంతా 5:45 మీద నిలబడి ఉంది కాబట్టి, ఆ బస్సు తప్పిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకున్నాము: గంట ఆలస్యమైతే సీడార్ రిడ్జ్ మానుకుని, పోను 0.9 మైలే ఉన్న ఊ ఆ పాయింట్‌తో ఆపేయాలి.

దారిలో ఒక్క చుక్క నీరు దొరకదన్న బోర్డు మాటను అక్షరాలా తీసుకోవాలి. వేడిలో నడిచేటప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా అవసరమవుతుంది. మా నాలుగు గంటల లెక్కకు మనిషికి మూడు లీటర్ల చొప్పున తీసుకువెళ్లాము, అందులో అర లీటరు చివరిదాకా ముట్టుకోకూడదని అనుకున్నాము. అయితే నీళ్లు ఒక్కటే తాగుతూ పోవడం కూడా ప్రమాదమే. చెమటతో ఉప్పు పోయి, లోపలికి నీరు మాత్రమే వెళితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, అయోమయం మొదలవుతాయి. వడదెబ్బ లక్షణాలూ దాదాపు ఇవే కనుక, చూసినవారు ఇంకా నీళ్లు తాగమంటారు, దానితో మరింత ముదురుతుంది. గ్రాండ్ కాన్యన్‌లో రక్షణ సిబ్బంది ఇలాంటి కేసులను తరచుగా చూస్తుంటారు. అందువల్ల తినడం కూడా పథకంలో భాగమే. అక్క రాత్రే ఉప్పు సరిపడా వేసి పులిహోర కలిపింది, దానికి తోడు ఉప్పు వేరుశనగపప్పు, చక్కిలాలు. అరగంటకోసారి నీళ్లు తాగినప్పుడల్లా ఏదో ఒకటి కొంచెం నమలాలన్నది నియమం.

బావగారి మాత్ర విషయంలో నేను సొంత తెలివి ఉపయోగించలేదు. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మాత్రల్లో మూత్రం ద్వారా నీరు, ఉప్పు బయటికి పంపే మందు కలిసి ఉంటుంది, ఎండలో నడిచే రోజున అది పట్టించుకోవలసిన సంగతి. ఆయన వాడేది ఆ రకమేనని డబ్బా మీద చూసి, గుంటూరులోని ఆయన డాక్టరుగారికి ఫోను చేయించి, ఎంతసేపు, ఎంత ఎత్తు, ఎంత వేడి అన్న వివరాలన్నీ చెప్పించాను. ఆ రోజు మాత్ర ఏ వేళకు వేసుకోవాలో, ఉప్పు తినడం విషయంలో ఎంతవరకు సడలింపు ఉందో వారే చెప్పారు. ఇలాంటివారు ఇంట్లో ఉంటే, గమ్యం నిర్ణయించుకున్న తరువాత కాకుండా ముందే ఈ ఫోను చేయాలని నా మనవి.

చివరిగా కాగితం కింద ఒక గడియారపు వేళ పెద్ద అక్షరాలతో రాశాను: 7:20. ఎక్కడున్నా సరే, సీడార్ రిడ్జ్ చేరినా చేరకపోయినా, ఆ వేళకు వెనక్కి తిరగాలి. చోటును గుర్తుగా పెట్టుకుంటే "ఇంకొంచెం దూరమే కదా" అనిపిస్తూ ఉంటుంది. వేళతో ఆ చిక్కు లేదు. ఆ కాగితాన్ని ఫొటో తీసి, ఇంట్లో ఉండిపోయిన నా భార్యకు పంపాను. అంచు కింద ఫోను సిగ్నలు మీద ఆధారపడలేము కాబట్టి, 9:30 మా లెక్క అని, పదకొండున్నర దాకా సందేశం రాకపోతే పార్కుకు ఫోను చేయమని, మేము ఏ దారిలో ఎందాకా వెళ్తున్నామో, ఎంతమందిమో చెప్పమని అందులో రాసి ఉంది.

నడక 5:50కి మొదలైంది. మొదటి భాగమంతా మలుపులు మలుపులుగా దిగే నిటారు దారి, అడుగడుగునా దుంగలు అడ్డంగా వేసిన మెట్లు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, మోకాళ్లకే బరువు. బావగారికి రెండు చేతికర్రలు ఇచ్చాము. ఊ ఆ పాయింట్ దగ్గర మేనల్లుడి కంటే అక్కే ఎక్కువ ఉత్సాహంగా, "ఇంత సులువుగా ఉంటే ఆ స్కెలిటన్ పాయింట్‌కు కూడా వెళ్లొచ్చేమోరా" అంది. దిగుతున్నంతసేపూ సులువుగానే ఉంటుందని, పైకి చూపించి, మనము వచ్చిన మలుపులన్నీ లెక్కపెట్టమన్నాను. ఆ తరువాత ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

దారిలో కంచర గాడిదల వరుస ఎదురైంది. ఈ దారిలో అవి రోజూ సామాన్లతో, మనుషులతో వెళ్తుంటాయి. వాటికి దారి ఇవ్వడానికి లోయ వైపు కాకుండా కొండ వైపు జరిగి, వాటిని నడిపేవారు చెప్పినట్టు కదలకుండా నిలబడాలి, చివరి జంతువు సుమారు యాభై అడుగులు దాటిపోయేంతవరకు అడుగు వేయకూడదు. దీనికే ఏడెనిమిది నిమిషాలు పట్టింది. నా లెక్కలో దీనికి చోటు లేదు, అయినా విశ్రాంతి అరగంటలోంచి అది సర్దుకుంది. సీడార్ రిడ్జ్ చేరేసరికి ఏడు దాటింది. అక్కడ గుంట మరుగుదొడ్లు ఉన్నాయి, నీరు లేదు. పులిహోర తిన్నాము. పార్కు తరఫున దారి మీద తిరుగుతూ నడిచేవారిని పలకరించే ఒక స్వచ్ఛంద కార్యకర్త మా దగ్గర ఆగి, ఎక్కడిదాకా వెళ్తున్నారు, ఎంత నీరుంది, ఏం తిన్నారు అని వరుసగా అడిగారు. ఇక్కడి నుంచే వెనక్కి అని చెప్పగానే సంతోషించి, కింది నుంచి ఎక్కేవారిలో తాను చూసేది ముఖ్యంగా తడబడే అడుగులు, పొంతన లేని జవాబులు అని చెప్పారు. 1990ల చివరి నుంచి ఈ పద్ధతి ఉంది. మనుషులు పడిపోయిన తరువాత మోసుకురావడం కంటే ముందే ఆపడం మేలని దీన్ని పెట్టారు.

7:20కి లేచాము. ఎక్కేటప్పుడు కూడా ముందు బావగారే. ప్రతి మలుపు దగ్గర ఒక చిన్న ఆగడం, అరగంటకోసారి కూర్చోవడం. ఆయన చేత ఊరి సంగతులు చెప్పిస్తూ వచ్చాను. అది కాలక్షేపం కోసం కాదు, వాక్యం మధ్యలో తెగుతోందా, పొంతన తప్పుతోందా అని వినడం కోసం. ఊ ఆ పాయింట్ దాటాక వాక్యాలు పొట్టివయ్యాయి. అప్పుడు పది నిమిషాలు రాతి చాటున దొరికిన కొద్దిపాటి నీడలో కూర్చోబెట్టి, ఉప్పు వేరుశనగపప్పు తినిపించి, ఊపిరి కుదుటపడ్డాకే లేపాము. పైకి వచ్చేసరికి 9:45 అయింది, లెక్కకన్నా పావుగంట ఎక్కువ. అప్పటికి సూర్యుడు గట్టు మీదికి పూర్తిగా వచ్చి, చివరి మలుపుల్లో రాయి తాకితే వెచ్చగా తగులుతోంది. మాకెదురుగా ఒక్కొక్క చిన్న సీసాతో దిగుతున్నవారు కనిపించారు. వాళ్లలో ఒక కుటుంబం తెలుగులో మాట్లాడుకుంటుంటే ఆపి, లోపల నీళ్లు దొరకవని, ఎక్కడానికి రెట్టింపు సమయం పడుతుందని చెప్పాను. వాళ్లు ఊ ఆ పాయింట్ దాకా కూడా వెళ్లకుండా మొదటి మలుపుల దగ్గర ఫొటోలు తీసుకుని పైకి వచ్చేశారు.

మేనల్లుడికి స్కెలిటన్ పాయింట్ మీద ఆశ అలాగే ఉంది. పై చదువుకు ఇక్కడికే వస్తున్నాడు కాబట్టి, ఈసారి నవంబరులో స్నేహితులతో వెళ్తానన్నాడు. అదే కాగితం తీసి కొత్త గళ్లు గీయించాను. ఎండ సమస్య ఆ నెలలో తగ్గుతుంది, పగలు పొట్టిదవుతుంది. సాయంత్రం ఐదున్నర లోపే సూర్యాస్తమయం. పై మలుపుల్లో గడ్డకట్టిన మంచు ఉండే అవకాశం ఉన్నందున బూట్లకు తొడిగే ఇనుప పళ్లు, తలకు కట్టుకునే లైటు జాబితాలోకి చేరాయి. వెనక్కి తిరగవలసిన వేళను ఎండను బట్టి కాక చీకటిని బట్టి కట్టాలి. ఇక మిగిలిన గడి అతని స్నేహితుల్లో అందరికంటే నెమ్మదిగా ఎక్కేవారు 600 అడుగులకు ఎంతసేపు తీసుకుంటారన్నది. అది తెలిసేంతవరకు గమ్యం గడిని ఖాళీగానే ఉంచమని చెప్పి కాగితం అతని చేతికిచ్చాను.